గళ్లలో పట్టని పేరు

కన్నకూతురిని వేదవల్లి ఒక్కనాడు కూడా నిండు పేరుతో పిలవలేదు. కోపం వల్ల కాదు, మతిమరుపు వల్ల అంతకన్నా కాదు. ఆ పేరులో మొదటి సగం అత్తగారిది. తమిళనాట ఉన్న రాజపాళయం తెలుగిళ్లలో ఆ కాలపు కోడళ్లు అత్తగారి పేరు నోట పలికేవారు కాదు. అత్తగారి పేరే బిడ్డకు పెట్టినా, కోడలి నోటికి మాత్రం ఆ బిడ్డ ఏ పాపో, ఏ అమ్మణ్ణో అయిపోవాల్సిందే. వేదవల్లి అదృష్టం కొద్దీ కూతురి పేరులో రెండో సగం తన తల్లిది. అందుకని "సంతానం" అని పిలుచుకునేది. అత్తగారు కూడా తన పేరుతో తానే మనవరాలిని ఎలా పిలుస్తుంది? ఆవిడకూ సంతానమే. వీధిలో వాళ్లకూ అదే.

నిండు పేరు వెంకటరుక్మణి-సంతానలక్ష్మి. మధ్యలో ఆ చిన్న గీత ఉందే, అది పిల్ల తండ్రి పెట్టించింది. బడిలో వేసేనాడు, అత్తగారి పేరు ముందుండాలని ఇటువాళ్లు, తమ తల్లి పేరు పొట్టి అక్షరమైపోకూడదని వేదవల్లి పుట్టింటివాళ్లు పట్టుబట్టారు. పాపం, ఆ మనిషి ఇద్దరినీ నొప్పించలేక హెడ్మాస్టరుతో చెప్పి రెండు పేర్లనూ గీతతో ముడివేయించాడు. ఆ తర్వాత నాలుగేళ్లకే ఆయన పోయాడు. పేరు మాత్రం బడి రిజిస్టరులోంచి ఎస్సెస్సెల్సీ పుస్తకంలోకి అక్షరం తప్పకుండా వచ్చి కూర్చుంది. అలా కూర్చున్న పేరును కదిలించడం దేవుడి తరం కాదు. గెజెట్టులో వేయించాలి, నెలలు గడవాలి.

అది 1964. సంతానం ఎస్సెస్సెల్సీ మంచి మార్కులతో పాసైంది. టీచర్ ట్రైనింగ్‌లో చేరతానని కూర్చుంది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ అదొక పిచ్చి. పక్కింటి పిల్లలను కూడేసి పాఠం చెప్పేది, వినకపోతే చెవి మెలిపెట్టేది. అత్తగారికి మాత్రం సేత్తూరులో తమ్ముడి మనవడు సిద్ధంగా ఉన్నాడు. భూమి ఉంది, బావి ఉంది, పిల్లవాడు చెడ్డవాడు కాడు. వాళ్లు ఆగస్టు మధ్యలో మొదలయ్యే ఆవణి నెలలో ముహూర్తం పెట్టుకుందామని కబురు మీద కబురు పంపుతున్నారు.

వేదవల్లి జీవితంలో మొదటిసారి అత్తగారి ముందు నిలబడి ఒక మాట అడిగింది.

"అత్తా, పాప చదివేకి ఆశపడతా ఉండాది. ఒక్కసారి రాసి చూస్తాము. సీటు రాకుంటే మీ ఇష్టం."

అత్తగారు పళ్లెంలోని తమలపాకులన్నీ తుడిచి పక్కన పెట్టింది. ఆవిడ మాట ఇస్తే ఇచ్చినట్టే, అందుకే ఇవ్వడానికి అంత ఆలస్యం.

"సరి. సీటు వచ్చినదంటే చదవనీ, నేనే బస్సెక్కించి పంపుతాను. రాలేదంటే ఆవణిలో కల్యాణం. అప్పుడు మళ్లీ నువ్వు ఏమీ చెప్పకూడదు."

"చెప్పను, అత్తా."

ఇంతే పందెం. సీటు రాకపోవడానికి మార్కుల వైపునుంచి కారణమే లేదు. జిల్లాలో ఆ మార్కులు వచ్చిన ఆడపిల్లలు ఎందరని? కాబట్టి వేదవల్లి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

అప్లికేషన్లు నింపిపెట్టే పని బడి గుమాస్తా పాండురంగన్‌ది. బట్టతల, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, ఎవరికైనా సాయం చేయాలంటే తన భోజనం కూడా మరిచిపోయే మనిషి. ఆయన ఆ ఏడు వచ్చిన కొత్త అప్లికేషన్‌ను బల్ల మీద పరిచి తల పట్టుకున్నాడు. అంతకు ముందు పేరు రాయడానికి ఒక గీత ఉండేది. పేరు పొడవైతే అక్షరాలు చిన్నవి చేసుకుని ఎలాగో సర్దేవాళ్లు. ఇప్పుడు గీత పోయి గళ్లు వచ్చాయి. ఇనిషియళ్లకు వేరుగా మూడు, పేరుకు ఇరవైనాలుగు.

"ఒక్కొక్క కట్టానికి ఒక్కొక్క ఇంగ్లీష్ అక్షరం. అంతేదా," అన్నాడు పాండురంగన్, గళ్లను పెన్సిల్‌తో తడుముతూ. "వెంకటరుక్మణికి పద్నాలుగు, సంతానలక్ష్మికి పదిహేను. మధ్యలో గీతకొకటి. ముప్పై ఉండాది. ఉండే కట్టాలు ఇరవైనాలుగు."

సంతానం ఫక్కున నవ్వింది. "నా పేరుకు ఇల్లు చాలలేదు సార్. తోక బయట పెట్టి పండుకోనీండి."

అందరూ నవ్వారు. వేదవల్లి కూడా నవ్వింది. చివరి ఆరు అక్షరాలను గళ్లు దాటించి, పక్కనున్న ఖాళీలో ముత్యాల్లా రాసి, పాండురంగన్ అప్లికేషన్ పంపించాడు. తోక పెట్టుకుని వెళ్లిన ఆ కాగితం రెండు వారాల్లో తోకతోనే తిరిగొచ్చింది.

దానికి అంటించిన చీటీలో రెండు ముక్కలున్నాయి. పేరు గళ్లకు లోబడి ఉండవలెను. అక్షరములు తప్ప ఇతర గుర్తులు వాడరాదు.

మద్రాసులో ఉద్యోగం చేసే అల్లుడికి పాండురంగన్ ఉత్తరం రాసి సంగతి కనుక్కున్నాడు. ఆ జవాబు పట్టుకుని సాయంత్రం ఇంటికొచ్చి, వసారాలో కూర్చుని వేదవల్లికి వివరించాడు. అత్తగారు లోపల తమలపాకులు తుడుస్తూ చెవి ఇటే వేసి ఉంచింది.

"ఇప్పుడు అంతా మిషన్లు వచ్చినాయి అమ్మా. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక అట్ట కార్డు. దాని మీద ఎనబై నిలువు వరసలు ఉంటాయంట. ఒక వరసకు ఒక అక్షరం. ఆడపిల్లలు వరసగా కూర్చుని, మన అప్లికేషన్ చూసి టకటకా అని ఆ కార్డుకు చిల్లులు పొడుస్తారు. ఆ చిల్లులను చూసి మిషన్ చదువుతుంది."

"చిల్లు చూసి చదువుతుందా?"

"అదేదా దాని చదువు. ఎనబై వరసల్లోనే పుట్టిన తేదీ, మార్కులు, జిల్లా, కులం, అన్నీ పట్టాల. అందుకే పేరుకు ఇరవైనాలుగు ఇచ్చినారు. అవతల ఇరవైయైదో వరస నుంచి పుట్టిన తేదీ మొదలు. మన పాప పేరు తోక అక్కడ పడితే, మిషన్ దాన్ని పుట్టిన తేదీ అనుకుంటుంది."

"గీత మాత్రం ఏమి చేసింది సార్?" సంతానం అడిగింది. నవ్వు ఇప్పుడు లేదు.

"ఆ మిషన్‌కు అక్షరాలు, అంకెలు తెలుసు. గీతకు చిల్లు ఎక్కడ పొడిచేదో దానికి తెలీదంట."

సంతానం పలక తెచ్చి గళ్లు గీసి, ఒక్కో గడిలో రెండేసి అక్షరాలు ఇరికించి చూపించింది. పాండురంగన్ తల అడ్డంగా ఊపాడు. ఒక వరసలో రెండు అక్షరాల చిల్లులు పడితే కార్డు చెడిపోయినట్టే. పక్క వీధి రామసుబ్రహ్మణ్య తాత వచ్చి, మిషన్‌కే కొంచెం పెద్ద కార్డు కొనిపించమని మంత్రికి రాయండి అని సలహా పడేసి వెళ్లాడు. అలాంటి సలహాలకు ఖర్చుండదు కాబట్టి ఆ వారంలో ఇంకా చాలా వచ్చాయి.

చివరికి పాండురంగనే ఒక దారి తీశాడు. మొదటి పేరు ఎస్సెస్సెల్సీ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, రెండోది పొట్టి చేయవచ్చు. కనుక వెంకటరుక్మణి అని నిండుగా రాసి, ఒక గడి ఖాళీ వదిలి, సంతానలక్ష్మికి బదులు ఒక్క ఎస్ పెట్టాడు. గళ్లు ఇంకా మిగిలాయి. ఆ మిగిలిన ఖాళీ గళ్లను వేదవల్లి వేలితో లెక్కపెట్టింది, ఎనిమిది. పోయిన తన తల్లి ఒక్క అక్షరానికి వచ్చింది. ఏ గొడవ రాకూడదని మొగుడు ఆ గీత పెట్టించాడో, ఆ గొడవను మిషన్ ఒక్క దెబ్బతో తీర్చేసింది. అయినా పోనీలే అనుకుంది. తల్లి ఉంటే ఆవిడే నా పేరు కొట్టేయండి అని ఉండేది.

ఆ అప్లికేషన్ తిరిగిరాలేదు. దానికి బదులు ఒక పోస్టుకార్డు వచ్చింది. అప్లికేషన్‌లోని పేరు ఎస్సెస్సెల్సీ పుస్తకంలోని పేరుతో సరిపోలేదు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని సంరక్షకులు మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసిన పత్రాన్ని నెలాఖరు లోపల పంపవలెను. లేనిచో అప్లికేషన్ పరిశీలించబడదు.

చూడండి వాళ్ల న్యాయం! పుస్తకంలో ఉన్నట్టు రాస్తే గళ్లు ఒప్పుకోవు. గళ్లు ఒప్పుకున్నట్టు రాస్తే పుస్తకం ఒప్పుకోదు. రెండూ ఒకే ఆఫీసులో, బహుశా ఒకే బల్ల మీద పుట్టిన నిబంధనలు. వాటిని తిట్టిపోద్దామంటే ఎదురుగా మనిషి కూడా లేడు. సంతకం ఉండాల్సిన చోట రబ్బరు ముద్ర ఉంది.

"పరవాలేదు అమ్మా," అన్నాడు పాండురంగన్. "ఇది చిన్న పనిదా. శ్రీవిల్లిపుత్తూరు పోయి, మీరు ఒక్క కయ్యెళుత్తు, అదే సంతకం, పెడితే అయిపోయినట్టే. కాగితం నేను టైపు కొట్టించి తయారుగా పెడతాను."

సంరక్షకురాలంటే వేదవల్లే. మొగుడు పోయాక బడి రిజిస్టరులో ఆమె పేరే ఎక్కింది.

మర్నాడు సంతానాన్ని ఇంట్లో వదిలి ఇద్దరూ బస్సెక్కారు. కోర్టు వసారాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. పిలుపు రాగానే పాండురంగన్ కాగితం పట్టుకుని ముందుకు నడవబోయాడు. లోపలున్న మేజిస్ట్రేటు చేయి అడ్డంగా ఊపాడు. కాగితాలు పట్టుకొచ్చిన మగవాళ్లు, చదువురాని ఆడవాళ్ల చేత దేనిమీద పడితే దానిమీద సంతకం చేయించడం ఆయన చాలా చూశాడు. ప్రమాణం చేసే అమ్మ తప్ప తక్కినవాళ్లు బయట ఉండండి అన్నాడు. అది మంచి ఉద్దేశమే. ఈ కథలో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు, అదే దీని దరిద్రం.

వేదవల్లి కాగితం తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, చెంగు భుజం చుట్టూ లాక్కుని నిలబడింది. ఆయన కాగితం చదువుకుని, తమిళంలో మెల్లగా అడిగాడు.

"నీ కూతురి పేరేమిటమ్మా?"

ఆమె నోరు తెరిచింది. ఆ పేరు నోటిదాకా వచ్చి అక్కడే చిక్కుకుపోయింది. పెళ్లై వచ్చిన నాటినుంచి ఆ పేరు ఉన్న దేవుడి పాట వచ్చినా ఆ ఒక్క ముక్క దగ్గర పెదవులు మూసుకున్న మనిషి. ఇప్పుడు చెప్పేయవచ్చు, ఎవరూ వినడం లేదు, అత్తగారు ఏడు మైళ్ల అవతల ఉంది. అదంతా ఆమెకు తెలుసు. తెలిసినా నాలుక తిరగలేదు.

"కన్నకూతురి పేరు తెలీదా?" ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"తెలుసు అయ్యా. ఇంట్లో పెద్దవాళ్ల పేరు అది. నేను చెప్పకూడదు."

"ఇది ఇల్లు కాదమ్మా, కోర్టు. పేరు చెప్పకుండా పేరు మీద ప్రమాణం చేయిస్తే రేపు నన్నడుగుతారు. సరే, నువ్వు చెప్పగలిగిన పేరేది? ఆ పిల్లను మీరు ఏమని పిలుస్తారు?"

"సంతానలక్ష్మి," అంది వేదవల్లి. ఆ పేరు ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఊళ్లో అందరూ అదే అంటారా?"

"అదేదా అయ్యా. అందరూ అదే."

ఆయన కాగితం మళ్లీ చూశాడు. ఈ పిల్ల వెంకటరుక్మణి ఎస్ అను పేరున పిలువబడుచున్నది అని టైపు కొట్టి ఉంది. పిలువబడని పేరు మీద పిలువబడుచున్నదని ప్రమాణం చేయించడం తప్పుకదా. చేతికి చిక్కిన ఒక సత్యాన్ని ఆయన చక్కగా నిలబెట్టాడు. ఆ పేరు కొట్టేసి, పైన సంతానలక్ష్మి అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత తానే అంతా తమిళంలో చదివి వినిపించాడు. ఎస్సెస్సెల్సీ పుస్తకంలో ఫలానా అని ఉన్న పిల్లా, సంతానలక్ష్మి అని పిలువబడే పిల్లా ఒక్కటే అని నీకు తెలిసినంతవరకు నిజమేనా? వేదవల్లి నిజమే అంది. అందులో అబద్ధం ఎక్కడుంది? రెండూ తన బిడ్డే. చేయెత్తి ప్రమాణం చేసి, వంకర అక్షరాలతో సంతకం పెట్టింది. ముద్ర పడింది.

బయటికొచ్చేసరికి ఆమె ముఖం చూసి పాండురంగన్‌కు ప్రాణం లేచొచ్చింది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది. మంచి మనిషి. నన్ను ఎక్కువ కష్టపెట్టలేదు."

రిజిస్టరు పోస్టు మూసే వేళైంది. పాండురంగన్ ముద్ర ఉందో లేదో చూశాడు, సంతకం ఉందో లేదో చూశాడు, కవరులో పెట్టి పోస్టాఫీసుకు పరుగెత్తాడు. తాను తయారుచేయించిన కాగితాన్ని మళ్లీ చదవాలని ఎవరికి తోస్తుంది? తిరుగు బస్సులో వేదవల్లి కిటికీ పక్కన కూర్చుని, కూతురికి హాస్టలుకు ఏ పెట్టె ఇవ్వాలా అని ఆలోచించింది. అత్తగారి పేరు పలకకుండానే పని గట్టెక్కినందుకు ఆమెకు చాలా సంతోషంగా ఉంది. ఇంటికెళ్లి ఆ మాట గొప్పగా చెప్పుకుంది కూడా. అత్తగారు ఆ పూట తన తమలపాకుల పళ్లెంలోంచి రెండు ఆకులు తీసి కోడలి చేతిలో పెట్టింది.

ఆవణికి ముందొచ్చే ఆడి నెల సగం గడిచాక జవాబు వచ్చింది. పాండురంగన్ దాన్ని బడిలోనే చదివాడు. చదివి, ఆ ఎండలో గొడుగు కూడా మరిచి ఇంటికొచ్చాడు. వసారాలో నిలబడ్డాడు కానీ కూర్చోలేదు.

"అమ్మా, ఆ దినం లోపల ఏమి జరిగినాది?"

వేదవల్లి చెప్పింది. ఆయన అడిగింది అడిగినట్టు, దాచకుండా చెప్పింది. వింటూ ఉండగానే పాండురంగన్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అప్లికేషన్‌లో మనము రాసినది వేరే పేరు అమ్మా. అవ్వ పేరు, పక్కన ఒక ఎస్. ప్రమాణంలో సంతానలక్ష్మి. వాళ్ల దగ్గర కార్డులో సంతానలక్ష్మి అనే పిల్లే లేదు. పుస్తకంలో ఒక పేరు, కార్డులో ఒక పేరు, కోర్టు కాగితంలో ఒక పేరు. ముగ్గురు పిల్లలు అయినారు."

"మళ్లీ పోతాను. ఇప్పుడే పోతాను సార్. ఈ తూరి చెప్తాను."

"సీట్లు అయిపోయినాయి అని రాసినారు."

సంతానం తలుపు చాటునుంచి వచ్చింది. ఉత్తరం తీసుకుని చదివింది. ఏడవలేదు, తల్లి మీద కోపం కూడా తెచ్చుకోలేదు. తెచ్చుకుని నాలుగు మాటలు అంటే వేదవల్లికి ఎంత తేలికగా ఉండేదో!

"నా మార్కులు ఎంత అని ఎవరూ అడగనే లేదు కదా సార్," అంది అంతే.

పాండురంగన్ మరో రెండు ఉత్తరాలు రాశాడు. ఒకదానికి జవాబు రాలేదు, రెండోదానికి వచ్చే ఏడు మళ్లీ అప్లికేషన్ పెట్టుకోవచ్చునని వచ్చింది. వచ్చే ఏడు అదే పుస్తకం, అవే గళ్లు. పైగా అత్తగారికి ఇచ్చిన మాట ఈ ఏటిది.

జవాబు వచ్చిన రోజు సాయంత్రమే అత్తగారు కోడలిని దగ్గరికి పిలిచింది.

"నా పేరు చెప్పేకి నీకేమి?"

"మీరు ఉండంగా ఎట్లా చెప్తాను, అత్తా?"

"చెప్తే నేను చచ్చిపోతానా? పాపకు పనికి వచ్చే చోట చెప్పకుంటే, ఆ పేరు నాకెందుకు, పాపకెందుకు?" ఆవిడ తమలపాకుల పళ్లెం పక్కకు నెట్టి, "మాట ఇచ్చినాను. సేత్తూరుకు కబురు పోయినాది. ఇప్పుడు నేను వెనక్కు తీసుకోలేను," అంది.

తీసుకోగలదేమో అని వేదవల్లి పెళ్లిదాకా ఉన్న మూడు వారాలూ ఆశపడింది. కానీ అడగలేదు. మళ్లీ ఏమీ చెప్పను అని ఆమె కూడా మాట ఇచ్చింది కదా. మాట మీద నిలబడే కోడళ్లకూ అత్తలకూ ఉన్న జబ్బే ఇది. ఇద్దరూ ఒకే బిడ్డ కోసం లోపల లోపల కుమిలిపోతారు, ఇచ్చిన మాటలకు కాపలా మాత్రం మానరు.

పెళ్లి పత్రికలు అచ్చై వచ్చాయి. పసుపు అంచు కాగితం మీద, వెంకటరుక్మణి-సంతానలక్ష్మి అని ఒకే వరసలో, గీతతో సహా, నిండుగా పేరు వేసి ఉంది. అచ్చాపీసువాడు అక్షరాలు లెక్కపెట్టలేదు, ఏ ప్రమాణమూ అడగలేదు. వేదవల్లి తెలుగు అక్షరాలను కూడబలుక్కుంటూ ఆ వరస మీద వేలు నడిపించి, పత్రికను బోర్లా పెట్టేసింది.

ఆవణిలో పెళ్లైంది. మూడోనాడు పొద్దున అప్పగింతలు. వీధిలో కారు నిలబడి ఉంది. సేత్తూరు వాళ్లు పెట్టెలు ఎక్కిస్తున్నారు. అల్లుడు మంచివాడే, వంగి అందరికీ దండం పెట్టాడు. సంతానం అవ్వ కాళ్లకు మొక్కింది, తల్లి కాళ్లకు మొక్కింది, మెట్లు దిగింది. పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని కారువైపు నడుస్తోంది.

అప్పుడు వేదవల్లికి ఆగలేదు. బిడ్డను ఒక్కసారైనా దాని పేరుతో పిలవాలనిపించింది. కోర్టులో చిక్కుకున్న ఆ ముక్క ఇప్పుడు దానంతటదే నోటికొచ్చింది.

"వెంకటరుక్మణీ!"

గట్టిగానే పిలిచింది. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. సంతానం ఆగలేదు. తల్లి గొంతులో ఆ పేరు ఆ పిల్ల ఎన్నడూ వినలేదు, తననే పిలుస్తున్నారని దానికేం తెలుసు? తల వంచుకుని కారెక్కింది. తలుపు పడింది.

వేదవల్లి పక్కన నిలబడ్డ అత్తగారే చెంగుతో కళ్లు తుడుచుకుని, ఇటు తిరిగి, "ఏమి, వేదవల్లీ?" అంది.